తేదీ దాటిన కోడిగుడ్లు: నీళ్లలో తేలే పరీక్షను ఎలా చేయాలి, ఎంతవరకు నమ్మాలి

రావులపాలెం చుట్టుపక్కల ఊళ్లకు ట్రేల లెక్కన గుడ్లు అమ్మే దుకాణం మాది. ఎండలు ముదిరిన దగ్గర నుంచి వానాకాలం వెళ్లేదాకా మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "డబ్బా మీద తేదీ దాటిపోయిందండీ, నీళ్లలో వేస్తే మునిగింది, వాడుకోవచ్చా అండీ?"

దీనికి ఔననో కాదనో ఒక్క మాటలో చెబితే తప్పు చెప్పినట్టే. ఈ పరీక్ష ఫ్రిజ్‌లో ఉంచిన గుడ్డు విషయంలో ఒక రకంగా పొరబడుతుంది, మన వానాకాలంలో వంటింటి అల్మారాలో ఉంచిన గుడ్డు విషయంలో సరిగ్గా దానికి తలకిందులుగా పొరబడుతుంది. ఆ తేడా తెలియకుండా చేసే పరీక్ష వల్ల మంచి గుడ్లు పారబోయడమో, చెడిన గుడ్డు కూరలో కొట్టుకోవడమో జరుగుతుంది. అందుకే పరీక్ష ఎలా చేయాలో, దానికి ముందూ వెనకా ఏమి చూడాలో వరుసగా రాస్తున్నాను.

## 1. గుడ్డు ఎందుకు తేలుతుంది

కోడి పెట్టిన వెంటనే గుడ్డు దాని ఒంటి వేడిమీద ఉంటుంది. అది చల్లారే కొద్దీ లోపలి పదార్థం కాస్త ముడుచుకుంటుంది. అప్పుడు లావు కొన దగ్గర, పెంకుకు అంటిన రెండు పొరల మధ్య చిన్న గాలి గది ఏర్పడుతుంది. ఉడికించిన గుడ్డు ఒలిచినప్పుడు ఒక కొనన కనిపించే సొట్ట ఇదే.

పెంకు నిండా కంటికి ఆనని వేల రంధ్రాలు ఉంటాయి. వాటి గుండా లోపలి తేమ రోజూ కొంచెం కొంచెం ఆవిరై బయటికి పోతుంది, ఆ మేరకు గాలి గది పెరుగుతుంది. పెంకు పరిమాణం మారదు, బరువు మాత్రం తగ్గుతుంది.

ఒక లెక్క చూద్దాం. 55 గ్రాముల తాజా గుడ్డు నీటిలో మునిగితే సుమారు 51 మిల్లీలీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. అంటే దాని బరువు 51 గ్రాములకు దిగువకు వచ్చేదాకా, అంటే నాలుగు గ్రాముల పైచిలుకు తేమ కోల్పోయేదాకా అది మంచినీటిలో తేలదు. నీటి పరీక్ష మనకు చెప్పేది ఈ నాలుగు గ్రాముల సంగతే.

కుళ్ళినప్పుడు లోపల గ్యాస్ పుట్టి గుడ్డును పైకి లేపుతుందని చాలామంది అనుకుంటారు. ఈ నమ్మకమే పరీక్ష మీద లేనిపోని భరోసా కలిగిస్తోంది. గుడ్డులోని పదార్థమే గ్యాస్‌గా మారి పెంకులోనే ఉండిపోతే మొత్తం బరువు మారదు కాబట్టి అది గుడ్డును తేల్చలేదు. పెంకు దాటి బయటికి పోయిన తేమ, గ్యాస్ మాత్రమే బరువును తగ్గిస్తాయి. కాబట్టి కుళ్ళడం మొదలైన గుడ్డు కూడా తగినంత బరువు తగ్గేదాకా అడుగునే ఉంటుంది.

సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా విషయం ఇంకా కష్టం. అది కొన్నిసార్లు పెంకు ఏర్పడకముందే, కోడి కడుపులోనే గుడ్డులోకి చేరుతుంది. అలాంటి గుడ్డు తాజాగా ఉంటుంది, వాసన రాదు, నీటిలో అడుగున బల్లపరుపుగా పడుకుంటుంది. దాన్ని ఏ నీటి పరీక్షా పట్టుకోలేదు.

## 2. మన వాతావరణంలో పరీక్ష ఎటు పొరబడుతుంది

గుడ్డు ఎండిపోవడానికి కారణం చుట్టూ ఉన్న గాలి పొడిదనం, దానికి తోడు వేడి. గుడ్డు చెడిపోవడానికి కారణం వేడి, దానికి తోడు తేమ. రెండింటిలోనూ వేడి ఉంది కానీ తేమ మాత్రం ఒకదానికి అడ్డుపడుతుంది, మరొకదానికి సాయపడుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

శ్రావణ భాద్రపదాల్లో కోనసీమ ఇళ్లలో అప్పడాలు మెత్తబడి, ఉప్పు నీరు కారుతూ ఉంటుంది. అంత తేమ గాలిలో గుడ్డులోని నీరు తొందరగా ఆవిరి కాలేదు. అదే సమయంలో అల్మారాలోని వేడికి, తేమకు పెంకు మీది బ్యాక్టీరియా, బూజు బాగా పెరుగుతాయి. ఫలితంగా గుడ్డు లోపల చెడుతూనే ఉంటుంది, నీటిలో వేస్తే మాత్రం మునుగుతుంది.

ఫ్రిజ్‌లో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. మంచు గడ్డకట్టని రకం ఫ్రిజ్‌లలో గాలి పొడిగా ఉంటుంది. అక్కడ మూత లేకుండా వారాల తరబడి ఉంచిన గుడ్డు చల్లదనం వల్ల చెడకుండానే నెమ్మదిగా ఎండిపోయి, చివరికి నీటిలో నిలబడుతుంది, ఇంకా ఆలస్యమైతే తేలుతుంది. పగలగొడితే వాసన ఏమీ ఉండదు.

ఈ కారణంగా మేము మా దుకాణంలో పాటించే నియమం ఇది: తేలిన గుడ్డు బయట ఉంచినదైతే మరో ఆలోచన లేకుండా పారేయాలి. మునిగిన గుడ్డుకు మాత్రం పగలగొట్టి చూసే పరీక్ష ఇంకా మిగిలి ఉందని గుర్తుపెట్టుకోవాలి.

## 3. డబ్బా మీది తేదీని చదివే తీరు

డబ్బాల మీద సాధారణంగా రెండు తేదీలు కనబడతాయి. మొదటిది ప్యాక్ చేసిన తేదీ, రెండోది ఏ తేదీలోగా వాడితే మంచిదో చెప్పేది. ప్యాక్ చేసిన తేదీ గుడ్డు పెట్టిన తేదీ కాదని గమనించాలి. ఫారంలో ఏరిన గుడ్డు ప్యాకింగుకు చేరేలోపు ఒకటి రెండు రోజులు గడిచి ఉండవచ్చు.

రెండో తేదీకి అర్థం డబ్బా మీదే ఇంకో చోట చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. ఎలా నిల్వ చేయాలో చెప్పే వాక్యం అది. ఫ్రిజ్‌లో ఉంచమని రాసిన డబ్బాను అల్మారాలో పెడితే ఆ తేదీ మీకు వర్తించదు, మీ గడువు దానికంటే ముందే ముగుస్తుంది.

విదేశీ సలహాలు చదివి అడిగేవారికి ఒక మాట. ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్లను మూడు నుంచి ఐదు వారాల దాకా వాడుకోవచ్చని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. అక్కడ గుడ్లను కడిగి, దుకాణానికి చేరేదాకా సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు మించని చలిలోనే ఉంచుతారు. యూరప్‌లో పెట్టిన రోజు నుంచి 28 రోజులు గడువు లెక్క. ఎండలో ఆటో మీద వచ్చి, మధ్యాహ్నమంతా సంతలో ఉన్న ట్రేకు ఆ లెక్కలు పనికిరావు. బయటి వేడిలో గడిచిన ఒక్క రోజు, ఫ్రిజ్‌లో గడిచిన నాలుగు రోజుల కంటే ఎక్కువగానే గుడ్డును ముదరబెడుతుంది.

విడిగా కొన్న గుడ్లకు తేదీయే ఉండదు. అందుకని తెచ్చిన రోజే లావు కొన మీద పెన్సిలుతో తేదీ వేయండి. పెన్ను సిరా రంధ్రాల గుండా లోపలికి దిగే అవకాశం ఉంది కాబట్టి పెన్సిలే వాడాలి.

పరీక్షకు ముందు ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాసుకోండి:

- ప్యాక్ చేసిన రోజు లేదా కొన్న రోజు నుంచి ఎన్ని రోజులైంది?
- అందులో ఎన్ని రోజులు ఫ్రిజ్‌లో, ఎన్ని రోజులు బయట ఉన్నాయి?
- మధ్యలో కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగిందా?
- ఎవరైనా వాటిని కడిగారా, తడిగుడ్డతో తుడిచారా?

ఆఖరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. పెట్టినప్పుడు గుడ్డు మీద పలుచని సహజమైన పూత ఉండి రంధ్రాలను మూస్తుంది. కడిగితే ఆ పూత పోతుంది. కడిగి ఆరబెట్టకుండా బయట ఉంచిన గుడ్డు, మరక ఉన్న గుడ్డు కంటే ముందే చెడుతుంది.

## 4. సిద్ధం చేసుకోవలసినవి

- లోతైన గాజు గ్లాసు లేదా పారదర్శకమైన డబ్బా. గుడ్డు నిలువుగా నిలబడినా పైన నాలుగు వేళ్ల నీరు ఉండాలి.
- కుళాయి నీరు లేదా తాగే నీరు, గది వేడిమీద ఉన్నది.
- సెల్‌ఫోను టార్చి, తలుపులు వేస్తే చీకటయ్యే గది.
- ఒక చిన్న తెల్ల గిన్నె, విడిగా మరో పెద్ద గిన్నె.
- పొడి గుడ్డ, సబ్బు.

నీటి గురించి రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది వేడి. నీరు ఎప్పుడూ గుడ్డు కంటే చల్లగా ఉండకూడదు. అల్మారాలో వెచ్చగా ఉన్న గుడ్డును కుండలోని చల్లటి నీటిలో వేస్తే లోపలి పదార్థం ముడుచుకుని, పెంకు మీది మురికిని నీటితో సహా రంధ్రాల గుండా లోపలికి లాగుతుంది. ఫ్రిజ్‌లోని గుడ్డుకు కుళాయి నీరు చాలు, అల్మారా గుడ్డుకు గోరువెచ్చని నీరు మంచిది.

రెండోది ఉప్పదనం. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన, బోరు నీరు చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. వరి విత్తనాల్లో తాలు తీయడానికి ఉప్పు కలిపిన నీటిలో తాజా గుడ్డు తేలిందో లేదో చూసే రైతులకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు: ఉప్పు పెరిగితే ఎంత తాజా గుడ్డయినా పైకి వస్తుంది. సముద్రపు నీటంత ఉప్పదనం ఉంటే మన 55 గ్రాముల గుడ్డు నాలుగు గ్రాములకు బదులు సుమారు మూడు గ్రాములు తగ్గినా తేలుతుంది. నోట్లో వేసుకుంటే ఉప్పగా తెలిసే నీటిని ఈ పరీక్షకు వాడకండి.

## 5. పరీక్ష వరుస

వరుస మార్చకండి. నీరు తగిలిన గుడ్డును మళ్లీ నిల్వ చేయలేము కాబట్టి, పొడిగా చేయగలిగినవన్నీ ముందు చేయాలి.

మొదటి అడుగు: కంటితో చూడటం. గుడ్డును వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పండి. పగులు, జిగురు, పొడిలాంటి బూజు, తడి మరక ఉంటే అక్కడితో ఆపి పారేయండి. పెంకు మీద ఎండిన రెట్ట ఉంటే దాన్ని వేరుగా పెట్టి, చివర్న పగలగొట్టి చూడాలి.

రెండో అడుగు: టార్చి వెలుగు. చీకటి గదిలో ఫోను టార్చి మీద గుడ్డు లావు కొనను ఆనించండి. తెల్ల ఫారం గుడ్డయితే లోపలంతా నారింజ రంగులో వెలుగుతుంది, లావు కొన దగ్గర గాలి గది అంచు ఒక గీతలా కనిపిస్తుంది. ఆ గీతను పెన్సిలుతో గుర్తుపెట్టి, కొన నుంచి లోతు కొలవండి. యూరప్‌లో మొదటి తరగతి గుడ్డుకు ఈ లోతు 6 మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకు రెట్టింపు ఉంటే గుడ్డు బాగా ముదిరిందని అర్థం. సన్నని వెంట్రుక పగుళ్లు కూడా ఈ వెలుగులోనే బయటపడతాయి. గోధుమ రంగు నాటుకోడి గుడ్డులో గీత మసకగా ఉంటుంది, గది మరింత చీకటిగా ఉండాలి.

లోపల నల్లటి మచ్చలు, మొత్తం చీకటి ముద్ద, పక్కకు వంచితే నీళ్లలా అటూ ఇటూ పారే గాలి గది కనిపిస్తే ఇక నీటి పరీక్ష అవసరం లేదు.

మూడో అడుగు: నీరు. గుడ్డును చెంచాతో నెమ్మదిగా దించండి. పైనుంచి జారవిడిస్తే అడుగుకు తగిలి పగులుతుంది. పెంకుకు అంటిన బుడగలను వేలితో తుడిచి, కదలిక ఆగేదాకా ఆగండి. ఒక్కో గుడ్డును విడిగా వేయాలి. ఒకేసారి నాలుగు వేస్తే ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడినట్టు కనిపిస్తాయి.

నాలుగో అడుగు: చిన్న గిన్నెలో పగలగొట్టడం. తీర్పు చెప్పేది ఈ అడుగే. ఒక్కో గుడ్డును చిన్న గిన్నెలో కొట్టి, చూసి, వాసన చూసి, అప్పుడే పెద్ద గిన్నెలోకి వంచండి. ఉడికించడానికి పెట్టుకున్న గుడ్లకు ఈ అడుగు వీలుకాదు, అందుకే తేదీ దాటిన గుడ్లను ఉడికించడం కంటే అట్టుకో పొరటుకో వాడటం నయం. ఉడికించక తప్పకపోతే ఒలిచాక ఒక్కోదాన్ని కోసి వాసన చూసి పులుసులో వేయండి.

## 6. నీటిలో ఉన్న తీరును బట్టి

అడుగున బల్లపరుపుగా పడుకుంటే తేమ ఇంకా పోలేదు. లావు కొన కాస్త లేస్తే గాలి గది పెరగడం మొదలైంది, ఇది చాలా మామూలు సంగతి.

అడుగున నిలువుగా నిలబడితే గుడ్డు ముదిరింది. ఫ్రిజ్‌లో ఉంచినదైతే పగలగొట్టి చూసి పూర్తిగా ఉడికించి వాడుకోవచ్చు. బయట ఉంచినదైతే తేదీ దాటాక ఈ స్థితిలో ఉన్నదాన్ని నేను మా ఇంట్లో వాడను.

తేలితే బయటి గుడ్డును పారేయాలి. ఫ్రిజ్ గుడ్డు తేలితే చెడిందని చెప్పలేము కానీ చాలా పాతదని కచ్చితంగా చెప్పవచ్చు. పచ్చసొన పొర అప్పటికి బలహీనపడి ఉంటుంది. చంటిపిల్లలు, గర్భిణులు, పెద్దవయసువారు ఉన్న ఇంట్లో ఒక్క గుడ్డు కోసం ఆ సాహసం చేయనక్కర్లేదు.

పగలగొట్టాక కనిపించే గుర్తుల్లో జనం ఎక్కువగా తికమకపడేవి ఇవి:

- తెల్లసొన మబ్బుగా ఉంటే అది తాజాదనానికి గుర్తు, చెడు కాదు.
- తెల్లసొన నీళ్లలా పారితే, పచ్చసొన చదునైతే అది ముసలి గుడ్డు. వాసన లేకపోతే పూర్తిగా ఉడికించి తినవచ్చు.
- చిన్న రక్తపు చుక్క ఉంటే గుడ్డు చెడినట్టు కాదు, తీసేసి వాడుకోవచ్చు.
- తెల్లసొన గులాబీ రంగుకో, పచ్చని మెరుపుకో తిరిగితే వాసన లేకపోయినా పారేయాలి.
- గంధకపు కంపు కొడితే గిన్నెతో సహా బయటికి తీసుకెళ్లి పారేసి, గిన్నెను సబ్బుతో కడగాలి.

## 7. ఒక డబ్బా పరీక్ష

రాజోలు వైపు ఉన్న మా మేనత్త ఇంట్లో ఒక మే నెలలో ఎదురైన సంగతి చెబుతాను. పన్నెండు గుడ్ల డబ్బా, మే 3న ప్యాక్ చేసినది, మే 17 లోపు వాడమని రాసి ఉంది. నేను చూసింది మే 26న. అంటే ప్యాక్ చేసి 23 రోజులు, గడువు దాటి 9 రోజులు. మూడు వాడగా తొమ్మిది మిగిలాయి. ఫ్రిజ్‌లో చోటు చాలక అయిదింటిని అందులో, నాలుగింటిని పొయ్యి పక్క అల్మారాలో బుట్టలో ఉంచింది.

నీటిలో వేస్తే ఫ్రిజ్‌లోని అయిదూ లావు కొన ఎత్తి అడుగున ఒరిగి ఉన్నాయి. బుట్టలోని నాలుగింటిలో మూడు అడుగున నిలువుగా నిలబడ్డాయి. నాలుగోది తేలింది, రూపాయి బిళ్లంత భాగం నీటి పైకి వచ్చింది.

అత్త తేలినదాన్ని పక్కనబెట్టి మిగతా ఎనిమిదీ గిన్నెలోకి తీసుకోబోయింది. "మునిగాయిగా నాన్నా, ఇంకేం చూడాలి?" అంది. ఒక్కొక్కటీ చిన్న గిన్నెలో కొట్టి చూద్దామని నేను పట్టుబట్టాను.

తేలిన గుడ్డుకు వాసనే లేదు. పచ్చసొన గిన్నెలో పడగానే చిట్లింది, తెల్లసొన నీళ్లలా పారింది, అంతే. నిలబడిన మూడింటిలో రెండూ అలాగే ఉన్నాయి. మూడోది కొట్టీ కొట్టకముందే వంటిల్లంతా కంపు కమ్మింది, తెల్లసొనలో ఆకుపచ్చ మెరుపు ఉంది. దాని పెంకు తీసి చూస్తే ఒక పక్కన రుద్దిన మరక కనిపించింది. డబ్బా తెచ్చిన రోజు ఆ ఒక్కదానికే రెట్ట అంటి ఉంటే తడిగుడ్డతో తుడిచి బుట్టలో పెట్టానని అత్త అప్పుడు చెప్పింది.

తేలిన గుడ్డు కుళ్ళలేదు, కుళ్ళిన గుడ్డు తేలలేదు. రెండూ ఒకే డబ్బాలోవి, ఒకే బుట్టలో ఉన్నవి. వాటిని వేరు చేసింది తడిగుడ్డ. ఆ తడికి సహజమైన పూత పోయి, రెట్టలోని బ్యాక్టీరియా రంధ్రాల గుండా లోపలికి వెళ్లింది. నాలుగు గ్రాముల తేమ పోయేలోపే లోపల పని పూర్తయింది.

బుట్టలోని నాలుగింటినీ పారేశాము. ఫ్రిజ్‌లోని అయిదింటినీ చిన్న గిన్నెలో కొట్టి చూసి, ఉల్లిపాయలు వేసి రెండు వైపులా బాగా కాల్చి అట్టు వేసుకున్నాము.

## 8. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాటు

ట్రే మొత్తాన్ని పరీక్షించి మళ్లీ దాచుకోవడం. ఇదే అన్నిటికంటే పెద్ద తప్పు. నీరు తగిలాక పూత దెబ్బతింటుంది. ఆ పూట వండబోయే గుడ్లను మాత్రమే నీటిలో వేయండి. పొరపాటున అన్నీ తడిపితే వెంటనే పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక ఫ్రిజ్‌లో పెట్టి, ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఉడికించి వాడేయండి.

ఒక గుడ్డును చూసి డబ్బా అంతటికీ తీర్పు చెప్పడం. పైన చెప్పిన డబ్బాయే దీనికి జవాబు.

చెవి దగ్గర ఊపి చూడటం. గలగలమంటే చెడిందని అంటారు. అది తెల్లసొన పలుచబడిందని, గాలి గది పెద్దదైందని మాత్రమే చెబుతుంది. పైగా గట్టిగా ఊపితే మంచి గుడ్డులోనూ గాలి గది పొర విడిపోతుంది.

ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టి, మళ్లీ లోపల పెట్టడం. మన తేమ గాలికి చల్లటి గుడ్డు నిమిషాల్లో చెమరుస్తుంది. ఆ తడి, కడిగినంత పని చేస్తుంది. కావలసినన్ని మాత్రమే తీయండి.

తేదీ దాటిన గుడ్డును హాఫ్ బాయిల్‌కో, పచ్చిసొన కలిపే మయొనీజ్‌కో వాడటం. మునిగినా సరే, వాసన లేకపోయినా సరే, దీనికి వాడకూడదు. లోపలి వేడి 71 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే సాల్మొనెల్లా చస్తుంది. ఇంట్లో థర్మామీటరు ఉండదు కాబట్టి పచ్చసొన, తెల్లసొన రెండూ గట్టిపడేదాకా వండటమే కొలమానం. మరిగే నీటిలో 10 నుంచి 12 నిమిషాలు పడుతుంది. ఇది మంచి గుడ్డుకు చెప్పిన జాగ్రత్త. కుళ్ళిన గుడ్డును ఎంతసేపు ఉడికించినా బాగుచేయలేము, కొన్ని బ్యాక్టీరియాలు విడిచిన విషాలు మరుగుతున్న నీటికీ పోవు.

## 9. తేదీ మీదికి రాకుండా నిల్వ

ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ బయట ఉంచే గుడ్లను కొన్న వారంలోపు, డిసెంబరు జనవరి నెలల్లో పదిరోజుల్లోపు వాడేయమని మా దగ్గర కొనేవారికి చెబుతాము. ఇది మా అనుభవం మీద పెట్టుకున్న గడువు, కావాలనే తక్కువగా పెట్టుకున్నది.

ఫ్రిజ్‌లో తలుపు అర కాకుండా లోపలి అరలో, వచ్చిన డబ్బాలోనే, సన్న కొన కిందికి ఉండేలా ఉంచండి. తలుపు తెరిచినప్పుడల్లా వేడి గాలి తగిలేది తలుపు అరకే. డబ్బా మూసి ఉంటే గుడ్డు ఎండిపోవడమూ తగ్గుతుంది, చేపల వాసన పట్టడమూ తగ్గుతుంది.

తుపానుకు కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తెరవకండి. మూసి ఉంటే సుమారు నాలుగు గంటలు లోపలి చల్లదనం నిలుస్తుంది. అంతకు మించి ఆగితే, ఆ క్షణం నుంచి లోపలి గుడ్లను బయటి గుడ్లుగానే లెక్కించాలి. కరెంటు రాగానే డబ్బా మూత మీద ఎన్ని గంటలు ఆగిందో పెన్సిలుతో రాయండి. ఒక పూట మాత్రమే ఆగి ఉంటే ముందు ఆ గుడ్లను వాడేయండి. రెండు రోజులు ఆగి ఉంటే, అప్పటికే తేదీ దాటిన డబ్బా అయితే, నీటి గ్లాసు తీయకుండానే గుడ్లను పెరట్లో గుంట తీసి పూడ్చండి.